చేతిలో పట్టుకునే నానోసెకను

(డిగ్రీ, పాలిటెక్నిక్ అధ్యాపకుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగం పాఠం. వక్త వేదిక మీదికి వచ్చి, కాసేపు ఏమీ మాట్లాడకుండా, ఎర్ర వైరు ముక్క ఒకటి రెండు చేతుల మధ్య అడ్డంగా పట్టుకుని నిలబడ్డారు.)

ఇది ఎంత పొడవుంటుంది? వెనక వరస వాళ్లు చెప్పండి, మీకే కష్టం కాబట్టి. ఒక అడుగు. ఇంకా? స్కేలంత. సరే, ముప్పై సెంటీమీటర్లు. ఇంట్లో స్విచ్ బోర్డు వెనక ఉండే మామూలు వైరే.

దీన్ని నేను ఇప్పుడు ఇంకో పేరుతో పిలుస్తాను. ఇది ఒక నానోసెకను.

(విరామం)

సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోసెకను. ఈ మాట మీరు క్లాసులో ఎన్నోసార్లు చెప్పి ఉంటారు, నేనూ చెప్పాను. పిల్లలు నోట్సులో పది టు ది పవర్ మైనస్ నైన్ అని రాసుకుంటారు. కానీ అది ఎంత అని అడిగితే ‘చాలా తక్కువ సార్’ అంటారు. మైక్రోసెకను ఎంత అంటే అదీ చాలా తక్కువే. రెండింటి మధ్య వెయ్యి రెట్ల తేడా ఉంది, వాళ్ల మనసులో మాత్రం రెండూ ఒకే చోట పడి ఉంటాయి. మన దగ్గర లేని వస్తువు గురించి మాట్లాడుతున్నట్టే ఉంటుంది ఇద్దరికీ.

వెలుగు సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే 30 కోట్ల మీటర్లు. దాన్ని 100 కోట్లతో భాగిస్తే 0.3 మీటరు. అదే నా చేతిలో ఉన్నది. ఈ చివర బయల్దేరిన వెలుగు ఈ చివరకు చేరేలోపు గడిచే కాలం ఒక నానోసెకను. ప్రపంచంలో ఏ సమాచారమూ, ఎంత డబ్బు పోసినా, ఒక నానోసెకనులో ఇంతకు మించి దూరం పోలేదు.

నమస్కారం. ఇప్పుడు నా గురించి చెబుతాను. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ చెబుతాను. ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఈ వైరు ఆలోచన నాది కాదు. గ్రేస్ హాపర్‌ది.

1906లో న్యూయార్క్‌లో పుట్టారావిడ. గణితంలో డాక్టరేటు చేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళంలో చేరి, హార్వర్డ్‌లో మార్క్ వన్ అనే గదంత యంత్రానికి ప్రోగ్రాములు రాశారు. 1986లో, దాదాపు ఎనభై ఏళ్ల వయసులో, రియర్ అడ్మిరల్ హోదాలో రిటైరయ్యారు. కంప్యూటర్ సర్క్యూట్లు నానోసెకన్లలో పనిచేస్తున్నాయని ఇంజనీర్లు అనడం మొదలుపెట్టినప్పుడు ఆవిడకు ఆ మాట తలకెక్కలేదట. అప్పుడు ఆవిడ ఇంజనీర్లను ఒకటే అడిగారు. ఒక నానోసెకనును కోసి నాకు పంపండి అని. వాళ్లు పంపినది 11.8 అంగుళాల వైరు ముక్క.

ఆ తర్వాత ఆవిడ ఎక్కడ మాట్లాడడానికి వెళ్లినా కట్టలు కట్టలుగా ఆ ముక్కలు తీసుకెళ్లి, వచ్చినవాళ్లకు పంచేవారు. అలాంటి కట్ట ఒకటి ఇప్పుడు అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. వైరు ముక్కతో పాటు ఒక పెద్ద చుట్టను కూడా వేదిక మీదకు తెచ్చేవారు. అది మైక్రోసెకను, 984 అడుగులు. ప్రోగ్రామర్లు ఒక మైక్రోసెకను వృథా చేస్తే ఏం పారేస్తున్నారో తెలియాలని, ఆ చుట్టను వాళ్ల బల్ల మీదో మెడలోనో వేలాడదీయాలని అనేవారు. ఉపగ్రహం ద్వారా సందేశం పోవడానికి అంతసేపు ఎందుకు పడుతోందని పై అధికారులు అడిగితే, ఈ ముక్క చూపించి, ఇక్కడి నుంచి ఉపగ్రహం దాకా ఇలాంటివి చాలా ఉన్నాయని చెప్పేవారు.

ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగుదాం. ఆవిడ ఆ వైరును చూపించి ఊరుకోలేదు, దాంతో లెక్క చేశారు. టీవీ ఉపగ్రహాలు ఉండే కక్ష్య భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల పైన ఉంటుంది. అక్కడిదాకా ఈ ముక్కలను ఒకదాని కొసకు ఒకటి పెట్టుకుంటూ పోతే 12 కోట్ల ముక్కలు కావాలి. 12 కోట్ల నానోసెకన్లు అంటే 0.12 సెకను. పైకి పోయి కిందికి రావాలి కాబట్టి దాదాపు పావు సెకను. నేను ప్రశ్న అడిగి మీ జవాబు నాకు చేరాలంటే అర సెకను. పై అధికారికి భౌతికశాస్త్రం రాకపోయినా ఈ లెక్క వస్తుంది. ముక్క చేతిలో ఉంది, దూరం తెలుసు, మిగిలింది భాగహారమే.

ప్రసంగం మొదట్లో వస్తువు చూపించాలని మనకు ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అప్పుడు మనం ఏం చేస్తాం? ఆలోచన గురించి మాట్లాడాలంటే బల్బు వెలిగిస్తాం. ఐకమత్యం అంటే అగ్గిపుల్లల కట్ట చూపిస్తాం. కాలం గురించైతే గోడగడియారం. ఇవన్నీ బొమ్మలు. బల్బులో ఆలోచన లేదు. ఆ బల్బును సగానికి కోస్తే సగం ఆలోచన రాదు. వైరును సగానికి కోస్తే అర నానోసెకను వస్తుంది. నా దృష్టిలో తేడా అంతా అక్కడుంది. మీరు చెప్పబోయే విషయం ఆ వస్తువులో కొలతగా ఉండాలి. కోసినా, కలిపినా, లెక్కపెట్టినా విషయం దాంతో పాటే మారాలి. అలా మారకపోతే ఆ వస్తువును బయట పెట్టి రావడమే మంచిదని నేను గట్టిగా నమ్ముతాను.

మీ ముందే చేసి చూపిస్తాను.

(కత్తెరతో వైరును మూడు సమాన ముక్కలుగా కోశారు.)

ఇది పది సెంటీమీటర్లు. మీ ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ 3 గిగాహెర్ట్జ్ అని రాసి ఉంటుంది. అంటే సెకనుకు 300 కోట్ల టిక్కులు. ఒక నానోసెకనుకు మూడు. కాబట్టి ఒక టిక్కుకూ ఇంకో టిక్కుకూ మధ్య వెలుగు పోగలిగేది ఈ పది సెంటీమీటర్లే. ఇప్పుడు ఈ ముక్కను మీ ల్యాప్‌టాప్ మీద పెట్టి చూడండి. ఈ అంచు నుంచి ఆ అంచుకు కూడా చేరదు. ప్రాసెసర్ గోరంత ఎందుకుంటుంది, దానికి కావలసిన మెమరీలో కొంత దాని లోపలే ఎందుకు పెడతారు అనే ప్రశ్నకు సగం జవాబు మీ చేతిలో ఉంది. నా క్లాసులో ఈ ముక్క కోసినప్పుడు ముందు బెంచీలో ఒకమ్మాయి, ‘అందుకా సార్ చిన్నగా చేస్తారు!’ అని లేచి నిలబడింది. ఆ మాట పాఠంలో ఇంకా రాలేదు, తనకే తోచింది.

ఇప్పుడు పెద్ద చుట్ట. హౌస్ వైరింగ్‌కు కొనే చుట్ట మీ అందరికీ తెలుసు, 90 మీటర్లు ఉంటుంది. ఒక చుట్ట కొంటే సరిగ్గా 300 నానోసెకన్లు వస్తాయి. శిబిరానికి నేను ఎప్పుడూ ఒక చుట్ట కొంటాను, ఈ ఊళ్లోనూ నిన్న సాయంత్రం కొన్నాను. మైక్రోసెకను కావాలంటే ఇలాంటివి మూడు చుట్టలు, పైన ఇంకో 30 మీటర్లు. చేత్తో మోయగలం. మిల్లీసెకను కావాలంటే? 300 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో ఒక కొస పట్టుకుని విజయవాడ రోడ్డు పట్టుకుంటే, బెజవాడ దాటి దాదాపు గన్నవరం దాకా పరుచుకుంటూ పోవాలి. సెకను అంటే ఆ తీగ భూమి చుట్టూ ఏడున్నర చుట్లు తిరుగుతుంది. నానో, మైక్రో, మిల్లీ అని బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాస్తే మూడూ ఒకే సైజు అక్షరాలు. స్కేలు, మూడు చుట్టలు, గన్నవరం అంటే ఇక కలగలిసిపోవు.

ఇదంతా పిల్లలకు ఎందుకు చెప్పాలంటే, మా సబ్జెక్టులో లేటెన్సీ అని ఒక మాట ఉంది. డేటా బయల్దేరాక అవతలికి చేరడానికి పట్టే ఆలస్యం. పిల్లలందరూ దాన్ని నెట్ స్పీడుతో కలిపేస్తారు. ‘సార్, పెద్ద ప్యాక్ వేయించుకుంటే తగ్గుతుంది కదా’ అంటారు. షికాగోలో ఉన్న అన్నయ్యతో వీడియో కాల్ మాట్లాడుతున్నావు అనుకో. హైదరాబాద్ నుంచి షికాగోకు గాల్లో దాదాపు 13 వేల కిలోమీటర్లు. నీ మాట అక్కడికి పోయి వాడి మాట తిరిగి రావాలి. ఈ ముక్కలు ఎన్ని పడతాయో లెక్కపెట్టు. రోడ్డు వెడల్పు చేస్తే ఒకేసారి ఎక్కువ బండ్లు పోతాయి, షికాగో మాత్రం దగ్గరకు రాదు. ఈ మాట నేను వైరు లేకుండా పదేళ్లు చెప్పాను, పరీక్ష పేపర్లలో మాత్రం ఎప్పుడూ తప్పే వచ్చేది.

ఇక ఇందులో ఎక్కడ దెబ్బతింటామో చెప్పాలి. మీరు రేపు చేయబోయేది ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను.

మొదటిసారి నేను పిల్లలు క్లాసులోకి వస్తుండగానే గుమ్మం దగ్గర నిలబడి తలా ఒక ముక్క ఇచ్చాను. అరవై మంది. నేను బోర్డు దగ్గరకు వెళ్లేసరికి సగం మంది ఉంగరాలు చుట్టేశారు, ఒకడు పక్కవాడి బ్యాగు జిప్పుకు కట్టాడు. నేను ‘ఇది నానోసెకను’ అన్నప్పటికి వాళ్ల చేతిలో ఉన్నది ఆటవస్తువు అయిపోయింది. పేరు పెట్టకముందే వస్తువు చేతికిస్తే, దానికి వాళ్ల పేరు వాళ్లు పెట్టుకుంటారు.

రెండోసారి జాగ్రత్తపడి ఒకే ముక్క చూపించి, ‘చూసి పక్కవాళ్లకు ఇవ్వండి’ అని చేతులు మార్చాను. అది చివరి బెంచీకి చేరేసరికి పాఠం ఇంకెక్కడికో వెళ్లిపోయింది. వైరు ఎక్కడుంటే అక్కడ తలలు వంగి ఉన్నాయి, మిగతావాళ్లు దాని రాక కోసం చూస్తున్నారు. ఆ రోజు ఎవరికీ ఏమీ చెప్పినట్టు కాలేదు.

ఇప్పుడు చేసే వరస మీరు ఇందాక చూశారు. ముందు నేనొక్కడినే పట్టుకుంటాను. పొడవు ఎంత అని అడుగుతాను, ఎందుకంటే అందరూ జవాబు చెప్పగల ప్రశ్న అదొక్కటే. పేరు చెబుతాను. లెక్క చేస్తాను. ఆ తర్వాతే, అందరికీ ఒకేసారి, తలా ఒకటి. అవును, ఇప్పుడు పంచుదాం. తమ్ముడూ, ఆ సంచి అటువైపు నుంచి మొదలుపెట్టు. రంగు కూడా ఆలోచించాను. నల్ల వైరు బోర్డు ముందు పట్టుకుంటే నాలుగో బెంచీకి కనబడదు. ఎర్రది కనబడుతుంది. క్లాసుకు వెళ్లే ముందు ఒక ముక్కను ఎవరిచేతనైనా పట్టించి, వెనక గోడ దగ్గర నిలబడి మీ కళ్లతో చూడండి.

ఇవన్నీ చిన్న పొరపాట్లు, దిద్దుకోవచ్చు. మూడోది అలాంటిది కాదు. ఒకసారి సెమిస్టర్ పరీక్షలో ఒకబ్బాయి ఇలా రాశాడు: ‘నానోసెకను అనునది 30 సెంటీమీటర్ల పొడవును కొలుచు ప్రమాణము.’ తెలివైన పిల్లవాడే. నేను చూపించినదే రాశాడు. నేను కాలాన్ని పొడవుగా చూపించాను, వాడు పొడవును పట్టుకుని కాలాన్ని వదిలేశాడు. ఆ పేపరు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వస్తువు ఎంత బాగా అతుక్కుంటే, దాంతో వచ్చే అబద్ధం కూడా అంత బాగా అతుక్కుంటుంది.

అప్పటి నుంచి వైరును ఊరికే పట్టుకోను. ఈ కొస నుంచి ఆ కొసకు వేలు జరుపుతూ, ‘వెలుగు ఇక్కడి నుంచి ఇక్కడికి పోయేలోపు’ అంటాను. వేలు కదలాలి. కదలిక ఉంటే అందులో కాలం ఉందని గుర్తుంటుంది. ఆ తర్వాత ఒకరిని లేపి, ‘నాకు రెండు నానోసెకన్లు ఇవ్వు’ అంటాను. రెండు ముక్కలు కలిపి ఇస్తారు. ‘ఇది రెండు నానోసెకన్లు అని ఎలా చెబుతావు?’ అంటాను. వెలుగు అనే మాట వాళ్ల నోట వస్తే అర్థమైనట్టు. రాకపోతే వైరు వరకే అర్థమైనట్టు.

ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది, ఇక్కడా ఎవరికో వచ్చే ఉంటుంది. ఈ రాగి తీగలో కరెంటు అంతదూరం పోవడానికి నానోసెకను పడుతుందా అని. పట్టదు, ఇంకా ఎక్కువే పడుతుంది. 30 సెంటీమీటర్లు అనేది శూన్యంలో వెలుగు లెక్క. గాలిలోనూ దాదాపు అంతే. కేబుల్‌లో సంకేతం అంతకంటే నెమ్మదిగా పోతుంది. ఆప్టికల్ ఫైబర్ గాజులో వెలుగు వేగం మూడింట రెండు వంతులే. మొదట్లో ఈ ప్రశ్న వస్తే నాకు టెన్షన్ వచ్చేది, తర్వాత చెబుతానని దాటేసేవాణ్ని. ఇప్పుడు జేబులో దీన్ని పెట్టుకుని వెళతాను.

(పసుపుపచ్చ వైరు ముక్క తీసి, ఎర్రదాని పక్కన పట్టుకున్నారు.)

ఇది 20 సెంటీమీటర్లు. ఫైబర్‌లో నానోసెకను. రెండూ పక్కపక్కన పెడితే కేబుల్‌లో ఏం పోగొట్టుకుంటున్నామో కళ్లకు కనబడుతుంది. షికాగో లెక్క ఇప్పుడు ఈ పసుపు ముక్కతో మళ్లీ చేయండి. ఒకవైపుకు 65 మిల్లీసెకన్లు, రానూ పోనూ 130. కేబుల్ సముద్రాల కింద వంకర్లు తిరుగుతూ పోతుంది కాబట్టి అసలు ఆలస్యం అంతకంటే ఎక్కువే ఉంటుంది. తక్కువ మాత్రం ఉండదు.

వైరు నా సబ్జెక్టుకు పనికొచ్చింది. మీలో కెమిస్ట్రీ వాళ్లు ఎక్కువమంది ఉన్నారని చెప్పారు కాబట్టి ఇంకొకటి తెచ్చాను. ఈ సంచి.

(పది కిలోల బియ్యం సంచిని బల్ల మీద పెట్టారు.)

పీపీఎం. పది లక్షల్లో ఒక వంతు. తాగే నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం. లీటరు నీళ్ల బరువు 10 లక్షల మిల్లీగ్రాములు. మరి పది లక్షలను ఎలా చూపిస్తాం? మా ఇంట్లో తినే సన్నబియ్యం 10 గ్రాములు తూచి, మా ఆవిడా నేనూ కూర్చుని లెక్కపెట్టాం. దాదాపు వెయ్యి గింజలు వచ్చాయి. కాబట్టి ఈ పది కిలోల సంచిలో దాదాపు పది లక్షల గింజలు ఉన్నాయి. మీ బియ్యం లావువైతే లెక్క మారుతుంది, తూచి లెక్కపెట్టుకోండి. ఆ పని పిల్లలచేత చేయిస్తే ఇంకా మంచిది. ఇందులో ఒక గింజను పసుపు నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి కలిపాను. అది ఒక పీపీఎం. 1.5 కావాలంటే ఇలాంటి సంచులు రెండు, పసుపు గింజలు మూడు.

ఇది చాలా బాగుంటుంది. పిల్లలు సంచిలో చేతులు పెట్టి వెతుకుతారు, దొరకదు. పీపీఎం అంటే ఏమిటో జన్మలో మరిచిపోరు. కానీ నల్గొండ జిల్లాలోని ఒక కాలేజీలో దీన్ని చూపించినప్పుడు వెనక నుంచి ఒకబ్బాయి అన్నాడు: ‘ఇంత బియ్యంలో ఒక్క గింజ అంటే ఏమవుతది సార్?’

ఫ్లోరైడు నీళ్లతో పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయిన మనుషులున్న జిల్లా అది. వాళ్ల పిల్లల ముందు నిలబడి, అది పెద్ద విషయం కాదన్నట్టు చూపించి వచ్చాను. లెక్కలో తప్పు లేదు. సంచి నిష్పత్తిని చూపిస్తుంది, రోజూ తాగడాన్ని చూపించదు. వైరుతో వచ్చిన చిక్కే ఇక్కడా వచ్చింది, ఇక్కడ ఇంకా బరువైనది.

అందుకని సంచి తర్వాత ఇప్పుడు ఈ చెంచా తీస్తాను. టీచెంచా, అందులో ఉప్పు. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్లు అనుకోండి. ఎండలో కూలి పనికి పోయే మనిషి రోజుకు నాలుగు లీటర్లు తాగుతాడు. 16 మిల్లీగ్రాములు. అది పసుపు గింజ లాంటిదే, కంటికి ఆనదు. 365తో హెచ్చించండి. దాదాపు 5.8 గ్రాములు. తల గీసిన ఒక టీచెంచా ఉప్పు బరువు సుమారుగా అంతే. ఏడాదికి ఒక చెంచా. అందులో కొంత మూత్రంలో బయటకు పోతుంది, ఈ మాట తప్పకుండా చెప్పండి, లేకపోతే చెంచా కూడా ఎక్కువ చెప్పినట్టవుతుంది. మిగిలినదానిలో చాలా భాగం పళ్లలోకి, ఎముకల్లోకి చేరుతుంది.

ఆ కాలేజీకి మరుసటి ఏడాది మళ్లీ వెళ్లాను. అదే సంచి, అదే గింజ. ఈసారి సంచి పక్కన ఒక గాజు సీసా పెట్టి, ఒక్కో చెంచా ఉప్పు వేస్తూ ఏళ్లు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. పదిహేను దగ్గర ఆగాను, ఆ క్లాసులో పిల్లల వయసు దాదాపు అంతే కాబట్టి. వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి, ‘మా నాయనమ్మకు అరవై సార్, ఇంకా వేయండి’ అంది. డబ్బాలో ఉప్పు అయిపోయింది.